మూడో ఏడాదికి చేతిలో ఏ పని ఉంటుంది?

మెకానికల్ పూర్తిచేసిన అబ్బాయికి రెండు ఆఫర్లు వచ్చాయనుకుందాం. ఒకటి హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ సర్వీస్ కంపెనీది, ఏడాదికి మూడున్నర లక్షలు. రెండోది శ్రీసిటీలో కార్ల విడిభాగాలు చేసే ఫ్యాక్టరీది, ట్రైనీగా నెలకు 20 వేలు, పైగా క్యాంటీన్, బస్సు. ఇంట్లో అందరూ జీతాలే పోలుస్తారు. నేను మాత్రం ముందు చూడమనేది, మూడో ఏడాదికి ఆ అబ్బాయి ఏ పని చేస్తుంటాడన్నది.

ఫ్యాక్టరీలో ప్రొడక్షన్‌కి వేస్తే షిఫ్టు నడపడమే పని. రాని మనిషి స్థానంలో ఇంకొకర్ని సర్దాలి, ఆ రోజు టార్గెట్ పూర్తిచేయాలి. ఇది తేలికైన పని కాదు, కానీ ఐదేళ్లు చేసినా ఇంజినీరింగ్ పెద్దగా పెరగదు. క్వాలిటీలోనో ప్రాసెస్‌లోనో పడితే కథ వేరు.

ఒక ఉదాహరణ చూద్దాం. 20 మిల్లీమీటర్ల షాఫ్ట్ తయారవుతోంది. అటూ ఇటూ 0.02 మి.మీ. వరకు తేడా ఉండొచ్చు. కొలిచి చూస్తే సగటు 20.01 వస్తోంది, కొలతల చెదురు, అంటే సిగ్మా, 0.004. పై హద్దుకి మిగిలింది 0.01 మాత్రమే. దాన్ని మూడు సిగ్మాలతో, అంటే 0.012తో భాగిస్తే 0.83 వస్తుంది. దీన్నే సీపీకే అంటారు. కార్ల కంపెనీలు సాధారణంగా కనీసం 1.33 అడుగుతాయి. ఇక్కడ మెషిన్ మంచిదే, సగటు పక్కకి జరిగిందంతే. సీఎన్‌సీలో టూల్ ఆఫ్‌సెట్ సరిచేసి సగటును 20.00కి తెస్తే అదే మెషిన్ 1.67 ఇస్తుంది. కొత్త మెషిన్ అడగకుండా ఈ తప్పును పట్టగలిగినవాడికి పుణెలోనైనా చెన్నైలోనైనా పని దొరుకుతుంది.

సాఫ్ట్‌వేర్‌లోనూ ఇదే తేడా ఉంది. కోడ్ రాసే ప్రాజెక్టు వేరు, రాత్రి షిఫ్టులో సపోర్ట్ టికెట్లు మూసే ప్రాజెక్టు వేరు. ఏది దక్కుతుందో చేరేముందు ఫ్రెషర్‌కి సాధారణంగా తెలియదు. ఈ రెంటికీ మధ్య ఇంజినీరింగ్ సర్వీసుల దారి ఒకటుంది. 1991లో హైదరాబాద్‌లో ఇన్ఫోటెక్ ఎంటర్‌ప్రైజెస్‌గా మొదలైన సైయెంట్ ఆ కోవలోదే. విమానాలు, రైళ్ల భాగాల డిజైన్ లాంటి పనుల్లో మెకానికల్ చదువు నేరుగా అక్కరకొస్తుంది.

అందుకే ఫ్యాక్టరీ ఇంటర్వ్యూలో మొహమాటపడకుండా అడగాలి. ట్రైనింగ్ అయ్యాక ఏ డిపార్ట్‌మెంట్? ప్లాంట్‌లో సొంత టూల్ రూమ్ ఉందా? డ్రాయింగ్‌లో మార్పు కావాలంటే నిర్ణయం ఎవరిది? విదేశీ కంపెనీల ప్లాంట్లలో డిజైన్ చాలాసార్లు మాతృసంస్థ దగ్గరే ఉండిపోతుంది. టూలింగ్ కూడా బయటి వెండర్లదే అయి, అబ్బాయికి చెప్పింది ప్రొడక్షనే అయితే, నేనైతే హైదరాబాద్ ఆఫర్ తీసుకోమంటాను. క్వాలిటీ, ప్రాసెస్, టూల్ రూమ్‌లలో ఏదో ఒకటి ఖాయమని రాసిస్తే శ్రీసిటీకే వెళ్లమంటాను, జీతం తక్కువైనా సరే.