అర్ధరాత్రి చదివే కాగితం

2019 సెప్టెంబరు 11. అమెరికాలోని అయోవా రాష్ట్రం, డల్లాస్ కౌంటీ. అర్ధరాత్రి దాటిన కాసేపటికి ఎడెల్ అనే చిన్న పట్టణంలోని కోర్టు భవనంలో అలారం మోగింది. పోలీసులు వచ్చేసరికి లోపల ఇద్దరు మనుషులు, వాళ్ల దగ్గర తాళాలు తీసే పరికరాలు. ఇద్దరూ పారిపోలేదు. బయటికి వచ్చి జేబులోంచి ఒక కాగితం తీసి చూపించారు. రాష్ట్ర న్యాయ శాఖే తమను నియమించిందనీ, భద్రత ఎంత గట్టిగా ఉందో పరీక్షిస్తున్నామనీ చెప్పారు. అది నిజమే. వాళ్లు కోల్‌ఫైర్ అనే సైబర్ భద్రతా సంస్థ ఉద్యోగులు. అయినా కౌంటీ షెరీఫ్ వచ్చి ఇద్దరినీ అరెస్టు చేయించాడు. దొంగతనం కేసు పెట్టారు. ఒక్కొక్కరికీ 50 వేల డాలర్ల బెయిల్ విధించారు. తర్వాత కేసును అక్రమ ప్రవేశం స్థాయికి తగ్గించి, 2020 జనవరిలో పూర్తిగా ఎత్తేశారు.

దొంగ ఎలా ప్రయత్నిస్తాడో అలాగే ప్రయత్నించి, యజమాని అనుమతితో లోపాలు కనిపెట్టే పనిని పెనెట్రేషన్ టెస్ట్, పొట్టిగా పెన్‌టెస్ట్ అంటారు. చాలావరకు అది కంప్యూటర్ల ముందు కూర్చుని చేసే పనే. తలుపులు తెరిచి చూడటం అందులో ఒక భాగం మాత్రమే. అయోవాలో పని చేసినవాళ్లకు నైపుణ్యం ఉంది, అనుమతీ ఉంది. గండి పడింది అనుమతిని కాగితం మీద పెట్టిన తీరులో.

ఆ ఒప్పందం ఒకే పత్రం కాదు. పని వివరాలు ఒకదానిలో, పరీక్ష నియమాలు ఒకదానిలో, అనుమతి మరొకదానిలో ఉన్నాయి. పరీక్ష ఉదయం 6 నుంచి సాయంత్రం 6 లోపు జరగాలని ఒకచోట ఉంటే, పగలూ సాయంత్రమూ చేయవచ్చన్న అర్థం వచ్చే మాట మరోచోట ఉంది. తాళాలను ఉపాయంతో తీసి చూడవచ్చని రాసిన కాగితాల్లోనే తలుపుల్ని బలవంతంగా తెరవకూడదనీ, అలారాన్ని ఏమార్చకూడదనీ ఉంది. సంతకాలు పెట్టిన రోజున రెండు పక్షాలూ తమకు అర్థమైనట్టు చదువుకున్నాయి. రాత్రిపూట భవనంలోకి వెళతారని తాము అనుకోలేదని న్యాయ శాఖ తర్వాత చెప్పింది. అదే తమకు అప్పగించిన పని అని కోల్‌ఫైర్ అంది.

అంతకన్నా లోతైన చిక్కు ఇంకొకటి. ఆ భవనం కౌంటీది. కోర్టు నడిపేది రాష్ట్ర న్యాయ శాఖ. తనది కాని భవనంలోకి మనుషుల్ని పంపే అధికారం న్యాయ శాఖకు ఉందా? షెరీఫ్ పట్టుకున్నది ఈ ప్రశ్ననే. పరీక్ష గురించి అతనికి ముందుగా ఎవరూ చెప్పలేదు. కాగితంలో ఉన్న నంబర్లకు పోలీసులు ఆ రాత్రే ఫోన్లు చేశారు కానీ, వచ్చిన జవాబులతో చిక్కు విడిపోలేదు.

సంతకం పెట్టేవాడికి ఆ ఆస్తి మీద నిజంగా హక్కు ఉందా అన్న ప్రశ్న మన దగ్గరా అంతే బరువైనది. మన ఐటీ చట్టం 43వ సెక్షన్ ప్రకారం యజమాని లేదా ఆ కంప్యూటర్‌కు బాధ్యుడైన వ్యక్తి అనుమతి లేకుండా అందులోకి ప్రవేశించడం తప్పు. దురుద్దేశంతో చేస్తే 66వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, 5 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. పరీక్షకుడికీ నేరస్థుడికీ మధ్య గీత గీసే మొదటి ఆధారం ఆ కాగితమే.

అలాంటి కాగితం ఎలా తయారవుతుందో చూడటానికి, ఊహకే అయినా, ఒక జిల్లా సహకార బ్యాంకును తీసుకుందాం. తన వెబ్‌సైటునూ, ఖాతాదారుల మొబైల్ యాప్‌నూ పరీక్షించమని అది ఒక సంస్థను అడిగింది. మొదటి ముసాయిదాలో బ్యాంకు అధికారి రాసింది ఒకే వాక్యం: 'మా ఆన్‌లైన్ వ్యవస్థలన్నీ పరీక్షించండి.' ఇక్కడే ఆగి అడగాలి. అన్నీ అంటే ఏవి? యాప్ వెనక సర్వర్ ఒక క్లౌడ్ సంస్థ దగ్గర అద్దెకుంది. చెల్లింపులు ఇంకో సంస్థ గేట్‌వే గుండా వెళతాయి. సందేశాలు పంపేది మూడో సంస్థ. ఇవేవీ బ్యాంకు సొంతం కాదు. అందుకే లక్ష్యాల జాబితాలో వాక్యం బదులు చిరునామాలు ఉండాలి, చేర్చనివి కూడా పేరు పెట్టి రాయాలి:

```
IN : app.bank.example
IN : 203.0.113.16/28
OUT: pay.gateway.example
```

మధ్య వరసలో చివరనున్న `/28` వల్ల అది 16 చిరునామాల సమూహం అవుతుంది. అక్కడ పొరపాటున `/24` అని పడితే 256 చిరునామాలు పరిధిలోకి వస్తాయి. వాటిలో పక్క కంపెనీ యంత్రాలు ఉండవచ్చు. కాబట్టి జాబితా చేతికి రాగానే, ఆ చిరునామాలు ఎవరి పేరున నమోదయ్యాయో పరీక్షకులే చూసుకోవాలి. బ్యాంకు ఇచ్చింది కదా అని నమ్మి మొదలుపెట్టడం ప్రమాదం. అద్దె సర్వర్ విషయంలో క్లౌడ్ సంస్థ నియమాలూ చదవాలి. అమెజాన్ లాంటి పెద్ద సంస్థలు కొన్ని సేవల మీద ముందస్తు అనుమతి అడగకుండానే పరీక్షను ఒప్పుకుంటాయి కానీ, సర్వర్‌ను ముంచెత్తి ఆపేసే దాడిని ఒప్పుకోవు.

తర్వాత వేళలు. రాత్రి ఖాతాదారులు తక్కువ కదా, రాత్రే చేయండి అనడం తేలిక. కానీ బ్యాంకుల్లో రోజు లెక్కలు ముగించే పని నడిచేది కూడా రాత్రే. ఆ సమయంలో సర్వర్ తడబడితే తెల్లారి శాఖలు ఆలస్యంగా తెరుచుకుంటాయి. అందుకని ఆ పని పూర్తయ్యే గంట కనుక్కుని, 'మంగళ, బుధ వారాల్లో తెల్లవారుజామున 1 నుంచి 4 వరకు, భారత కాలమానం' అని స్పష్టంగా రాయాలి. కాలమానం పేరు తప్పనిసరి. పరీక్షకుడు వేరే దేశంలో కూర్చుని ఉండవచ్చు, సర్వర్ గడియారం మరో కాలమానంలో నడుస్తుండవచ్చు.

నియమాల్లో నేను అన్నిటికన్నా పట్టుబట్టేది, ఎక్కడ ఆగాలో రాయడం. లోపం దొరికింది, ఖాతాదారుల వివరాలు కనిపిస్తున్నాయి. రుజువుకు ఒక్క రికార్డు చాలు, అదీ పరీక్ష కోసం సృష్టించిన ఖాతాదైతే మేలు. మొత్తం దించుకోకూడదు. తప్పుడు పాస్‌వర్డ్ మూడుసార్లు కొడితే ఖాతా స్తంభించే వ్యవస్థలో, పాస్‌వర్డ్ ఊహించే పరికరాన్ని అదుపు లేకుండా వదిలితే వేలమంది నిజమైన ఖాతాదారులు బయటపడిపోతారు. ఏ ఖాతాల మీద ఎన్ని ప్రయత్నాలు చేయవచ్చో అంకెల్లో ఉండాలి. పరీక్షలో ఉండగా నిజమైన దొంగ అంతకుముందే చొరబడిన ఆనవాళ్లు కనిపిస్తే పని ఆపి, వెంటనే ఫోన్ చేయాలన్నదీ ఉండాలి.

ఎవరికి ఫోన్? అయోవా కథలో సగం ఇక్కడే ఉంది. ఆఫీసు ల్యాండ్‌లైన్ నంబరు రాత్రి 2 గంటలకు పనికిరాదు. పరీక్ష గురించి తెలిసి, ఆపమనే లేదా కొనసాగించమనే అధికారం ఉండి, ఆ వారం ఊళ్లోనే ఉండే ఇద్దరి మొబైల్ నంబర్లు కావాలి. మొదటివారు ఎత్తకపోతే ఎన్ని నిమిషాల తర్వాత రెండోవారికి చేయాలో రాసుకోవాలి. పరీక్షకుల వైపు నుంచీ ఒక నంబరు బ్యాంకు దగ్గర ఉండాలి, ఎందుకంటే సర్వర్ నెమ్మదించిందని ముందుగా గమనించేది బ్యాంకు సిబ్బందే. పరీక్ష ఏ ఐపీ చిరునామాల నుంచి వస్తుందో వాళ్లకు తెలిస్తే, తమవాళ్ల పనేనా, బయటి దాడా అన్నది నిమిషంలో తేలుతుంది. భవనంలోకి వెళ్లే పని కూడా ఉంటే భవన యజమాని సంతకం తీసుకోవాలి. స్థానిక పోలీసు స్టేషన్‌లో ఎవరికి, ఎప్పుడు చెప్పాలో కూడా ముందే నిర్ణయించుకోవాలి.

పరీక్ష మొదలయ్యే ముందురోజు రాత్రి, అదే వేళకు, ఆ నంబర్లన్నిటికీ ఒకసారి ఫోన్ చేసి చూడాలి. ఎత్తినవారు తమ పేరు చెప్పి, పరీక్ష సంగతి తమకు తెలుసని అనాలి. ఎవరూ ఎత్తకపోతే ఆ వారం పరీక్ష వాయిదా వేయాలి.