ముఖం తేటపడింది, మనిషి మారిపోయాడు

2020 జూన్‌లో ట్విటర్‌లో రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టిన ఫొటో ఒకటి తెగ తిరిగింది. ఎడమవైపు ఉన్నది గళ్లు గళ్లుగా చెదిరిపోయిన చిన్న ముఖం. అయినా చూసినవాళ్లంతా ఒబామా అని ఇట్టే గుర్తుపట్టారు. కుడివైపు ఉన్నది అదే బొమ్మను ‘పల్స్’ అనే ప్రోగ్రాం తేటగా మార్చి ఇచ్చిన ముఖం. నున్నటి చర్మం, లెక్కపెట్టగలిగేంత స్పష్టమైన కనుబొమ్మల వెంట్రుకలు, అన్నీ బాగానే ఉన్నాయి. కాకపోతే ఆ మనిషి ఒబామా కాదు, ఎవరో తెల్లజాతి ఆసామి. నటి లూసీ లియూ ఫొటోతో చేసి చూస్తే ఆవిడా అలాగే మారిపోయింది.

అప్పుడు దాన్ని జాతి వివక్ష చర్చగానే చాలామంది చూశారు. అది నిజమే కానీ అసలు సంగతి అంతకన్నా లోతైనది. ఇవాళ మన ఫొటో స్టూడియోల్లో, ఫోన్ యాప్‌లలో తాతముత్తాతల ఫొటోలు బాగుచేసే ప్రోగ్రాంలు పల్స్ కన్నా చాలా మెరుగైనవి. అయినా పల్స్‌ను పట్టుకున్న చిక్కు వాటినీ వదల్లేదు. అదేమిటో తెలియాలంటే చిన్న లెక్క ఒకటి వేయాలి.

పల్స్ తీసుకునే బొమ్మ అడ్డం 16, నిలువు 16 పిక్సెళ్లు. అంటే మొత్తం 256 చుక్కలు. అది ఇచ్చే బొమ్మ 1024కి 1024, అంటే పది లక్షల పైచిలుకు చుక్కలు. మసక బొమ్మలోని ఒక్కో చుక్క స్థానంలో 4,096 కొత్త చుక్కలు వచ్చి కూర్చుంటాయి. మసక చుక్కలో మిగిలి ఉన్నది ఆ నాలుగు వేల చుక్కల సగటు రంగు మాత్రమే. క్లాసు సగటు 60 మార్కులని చెప్పి, ఒక్కొక్క పిల్లవాడికి ఎన్ని వచ్చాయో రాసివ్వమంటే ఎలా ఉంటుందో ఇదీ అంతే. సగటు 60 వచ్చేలా జాబితాలు ఎన్నయినా రాయొచ్చు. అన్నీ లెక్క ప్రకారం సరైనవే, అసలు జాబితా మాత్రం వాటిలో ఏదో ఒక్కటే.

పల్స్ చేసింది సరిగ్గా అదే. కుదిస్తే ఇచ్చిన మసక బొమ్మలాగే కనిపించే ముఖాన్ని వెతికి పట్టుకోవడమే దాని పని. ఆ తెల్లాయన ఫొటోను మళ్లీ 16 పిక్సెళ్లకు కుదించండి, ఒబామా మసక బొమ్మకు దాదాపు సరిపోతుంది. తన పరీక్షలో ప్రోగ్రాం నెగ్గింది. ఆ పరీక్ష మనిషిని పట్టుకోలేదన్నదే తిరకాసు. మరి మనం ఆ గళ్ల బొమ్మలో ఒబామాను ఎలా చూశాం? ఆయన ముఖం వేలసార్లు చూసిన జ్ఞాపకంతో ఆ గళ్లను మనమే పూరించుకున్నాం. యంత్రానికి ఆ జ్ఞాపకం లేదు. దానికి ఉన్నది వేరే ముఖాల జ్ఞాపకం.

ఆ వేరే ముఖాలు ఎవరివి? ఈ రంగంలో ఎక్కువగా వాడేది 2019లో ఎన్విడియా సంస్థ విడుదల చేసిన 70,000 ముఖాల సేకరణ. ఫ్లికర్ అనే ఫొటోల సైటు నుంచి తీసుకున్నవి. ఫ్లికర్‌లో ఫొటోలు పెట్టేవాళ్లు ఎవరు, ఎలాంటి కెమెరాలతో, ఎలాంటి వెలుతురులో తీసుకుంటారు అన్నదే యంత్రానికి ‘మామూలు ముఖం’ అంటే ఏమిటో నేర్పుతుంది. 1960లలో బందరులోనో వరంగల్లోనో స్టూడియోలో బిగుసుకుని నిలబడి తీయించుకున్న ముఖం అందులో ఎంత వెతికినా దొరకదు.

2021లో టెన్సెంట్ పరిశోధకులు తెచ్చిన జీఎఫ్‌పీ-గ్యాన్, 2022లో సింగపూర్ నాన్యాంగ్ యూనివర్సిటీ నుంచి వచ్చిన కోడ్‌ఫార్మర్ ఈ పనికి బాగా వాడుకలోకి వచ్చాయి. రెండూ ఆ 70,000 ముఖాల మీదే నేర్చుకున్నాయి. నేర్పే పద్ధతి సులువే. తేటగా ఉన్న ఫొటోను కావాలని మసకబారుస్తారు, కుదిస్తారు, గరుకు చల్లుతారు, మళ్లీ తేటగా చెయ్యమంటారు. వచ్చినదాన్ని అసలుతో పోల్చి తప్పొప్పులు చెబుతారు.

ఇక్కడొక మెలిక ఉంది. అసలు ముఖానికి వీలైనంత దగ్గరగా ఉండు అని మాత్రమే చెబితే, యంత్రం అన్ని అవకాశాలకూ మధ్యస్థంగా ఉండే ముఖాన్ని ఇస్తుంది. సగటు ముఖం కదా, అది మళ్లీ మసగ్గానే ఉంటుంది. ఒక రకంగా చూస్తే అదే నిజాయితీ గల జవాబు. కానీ మసక బొమ్మకు ఎవరూ డబ్బులివ్వరు. అందుకని ఇంకో యంత్రాన్ని కాపలా పెడతారు. వచ్చిన ముఖం నిజమైన ఫొటోలా ఉందా లేదా అన్నదే దాని తీర్పు. మసగ్గా ఉంటే తిప్పికొడుతుంది. దాంతో మొదటి యంత్రం అవకాశాల్లోంచి ఏదో ఒకటి తేల్చుకుని, అనుమానమేమీ లేనట్టు గీసి ఇవ్వడం నేర్చుకుంటుంది. తెలియనిచోట కూడా తెలిసినంత స్పష్టంగా గీస్తుంది. మనం మోసపోయేది ఆ స్పష్టతకే.

ఇందులో మనిషి పోలిక కాపాడే ఏర్పాటు లేకపోలేదు. జీఎఫ్‌పీ-గ్యాన్‌కు నేర్పేటప్పుడు ముఖాలను గుర్తుపట్టే మరో ప్రోగ్రాంతో, ఇద్దరూ ఒకరేనా అని చూపించి దిద్దుతారు. కానీ ఆ దిద్దుబాటు శిక్షణలోనే, అసలు ఫొటో చేతిలో ఉన్నప్పుడే కుదురుతుంది. మీ అమ్మమ్మ తేట ఫొటో ఎవరిదగ్గరా లేదు కాబట్టే కదా మసక ఫొటో తెచ్చారు. ఈ ప్రోగ్రాం తయారుచేసినవాళ్లే తమ 1.3 వెర్షన్ లోపాల్లో ముఖం పోలిక కొద్దిగా మారుతుందని రాసి పెట్టారు. మన యాప్‌లు ఆ ఒక్క ముక్క తెర మీద వేస్తే ఎంత బాగుండేది.

ఒక ఉదాహరణ అనుకుందాం. పెళ్లి గ్రూపు ఫొటో, 6 అంగుళాల వెడల్పు ప్రింటు. వెనక వరసలో అమ్మమ్మ. ప్రింటులో ఆవిడ ముఖం వెడల్పు 5 మిల్లీమీటర్లు. ఎవరో ఫోన్‌తో తీసి, 1600 పిక్సెళ్లకు కుదించి వాట్సాప్‌లో పంపిన కాపీలో ఆ ముఖానికి దక్కేది 50 పిక్సెళ్ల పైచిలుకు. అదే ప్రింటును ఫ్రేములోంచి తీసి స్కానర్ మీద 600 డీపీఐలో స్కాన్ చేస్తే దాదాపు 118. ప్రోగ్రాం మాత్రం ఏ ముఖాన్నయినా ముందు 512 పిక్సెళ్ల చదరంలోకి సాగదీసుకుంటుంది. వాట్సాప్ కాపీ అయితే ముఖం ఎన్నో రెట్లు సాగాలి, ఆ సాగిన జాగా అంతా ఊహే. స్కాన్ అయితే ఊహ సగానికి పైగా తగ్గుతుంది. మంచి ప్రోగ్రాం కోసం వెతికేముందు మంచి స్కాన్ చేయించుకోవాలి. నెగెటివ్ దొరికితే ఇంకా మేలు.

ఇప్పుడు ఆ ముఖం కోడ్‌ఫార్మర్‌కి ఇచ్చారనుకోండి. అది ముఖాన్ని 16 వరసలు, 16 నిలువులుగా, మొత్తం 256 గడులుగా చూస్తుంది. ఒక్కో గడికి తన దగ్గరున్న 1,024 నమూనాల్లోంచి ఒకటి ఎంచుకుని, వాటినుంచి కొత్త ముఖం కడుతుంది. దీనికి 0 నుంచి 1 వరకు జరిపే మీట ఒకటి ఉంది, తెర మీద w అని కనబడుతుంది. సున్నా దగ్గర ముఖం పూర్తిగా నమూనాలతోనే తయారవుతుంది, చాలా అందంగా వస్తుంది. ఒకటి వైపు జరిపేకొద్దీ అసలు బొమ్మలోని సమాచారం కలుస్తుంది, దాంతోపాటు మసక, మరకలు కూడా తిరిగొస్తాయి. స్టూడియోలో ఏ వైపు జరుపుతారో ఊహించడం కష్టం కాదు. అందంగా ఉన్నదే అమ్ముడుపోతుంది.

పోయేవి ఏవో చూడండి. పై పెదవి మీద పుట్టుమచ్చ మరకలా ఉంటుంది కనుక తుడిచిపెట్టుకుపోయే ప్రమాదం ఉంది. స్ఫోటకం మచ్చలదీ అదే దారి. రెండు పక్కలా ఉన్న ముక్కుపుడకలు ముక్కు నీడలో కలిసిపోవచ్చు. ప్రింటు మడతపడిన గీత చెంప మీద ముడత కావచ్చు. ఎత్తు పళ్లు వరసలో సర్దుకుంటాయి, మెల్లకన్ను సూటిగా చూస్తుంది. అవన్నీ లోపాలని యంత్రం దిద్దింది. ఆవిడను ఇంట్లో గుర్తుపట్టేదేమో వాటితోనే.

మారిందా లేదా ఎలా తెలుసుకోవాలి? యంత్రం పనిని యంత్రంతోనే పట్టుకునే దారి ఒకటుంది. అదే ముఖాన్ని మీట వేరువేరు చోట్ల పెట్టి, వేరే ప్రోగ్రాంతో కూడా ఓసారి చేయించి, వచ్చినవన్నీ పక్కపక్కన పెట్టండి. అన్నిటిలోనూ ఒకేలా ఉన్నది, ఉదాహరణకు నుదురు వెడల్పు, చెవుల ఎత్తు, బహుశా ఫొటోలో నిజంగా ఉన్నదే. ఒక్కోదాంట్లో ఒక్కోలా ఉన్న కనురెప్పలు, పెదవుల అంచులు మాత్రం కల్పన అని నిస్సందేహంగా చెప్పొచ్చు. ‘బహుశా’ అని ఎందుకన్నానంటే, ఒకే 70,000 ముఖాల మీద నేర్చినవి కలిసి ఒకే తప్పు చేయగలవు.

అంతకన్నా గట్టి పరీక్ష మనుషులది. వచ్చిన బొమ్మలో ముఖం ఒక్కటే కత్తిరించి, చీర, పక్కన నిలబడ్డవాళ్లు కనబడకుండా, ఆవిడతో కలిసి బతికిన పెద్దవాళ్లకు చూపించండి. ఎవరిదో ముందే చెప్పొద్దు. “ఈవిడెవరు పిన్నీ?” అని అడగండి, అంతే. పేరు చెప్పాక ఎవరైనా పోలికలు వెతుక్కుంటారు. ఆవిడవి వేరే ఫొటోలు ఉంటే వాటితోనూ పోల్చండి. ఒకే మనిషివి వంద దాకా ఫొటోలు ఇచ్చి, ఆ ముఖాన్నే నేర్పి బాగుచేయించే పద్ధతి 2022లో ‘మైస్టైల్’ పేరుతో పరిశోధకులు చూపించారు. పోలిక బాగా నిలుస్తుంది. కానీ మన ముత్తాతలకు వంద ఫొటోలు ఎక్కడివి?

ఇంట్లో అయితే నష్టం జ్ఞాపకానికి. సీసీటీవీలో దొరికిన మసక ముఖానికి ఇదే వైద్యం చేస్తే ఎవరో అమాయకుడి మెడకు చుట్టుకుంటుంది. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రం కింగ్ కౌంటీ కోర్టులో 2024లో ఒక హత్య కేసులో ముద్దాయి తరఫువాళ్లు ఏఐతో మెరుగుపరిచిన ఫోన్ వీడియోను సాక్ష్యంగా పెట్టబోతే జడ్జి ఒప్పుకోలేదు. నా మట్టుకు నాకు అది సరైన తీర్పే. ఇలా బాగుచేసిన ముఖంతో ఎవరినీ గుర్తించకూడదు, ఎవరినీ అనుమానించకూడదు.

గోడకు పెట్టుకోవద్దని ఎవరూ అనరు. పెట్టుకోండి. కానీ బాగుచేసిన బొమ్మ ఫ్రేము వెనక ‘ఇది కంప్యూటర్‌తో చేయించినది’ అని తేదీ వేసి రాయండి. అసలు ప్రింటును పారేయకండి, దాని స్కాన్‌ను ఏ మార్పూ లేకుండా విడిగా దాచండి. స్టూడియోవాళ్లను మీట అసలు ఫొటో వైపు జరపమని అడగండి, కాస్త మసగ్గా వచ్చినా ఫరవాలేదని చెప్పండి.