అద్దానికి అందని మాడు

తిరుమల కల్యాణకట్టలో తలనీలాలు ఇచ్చి బయటికొచ్చిన పెద్దమనిషిని చూసి భార్య అంటుంది: "మీ మాడు మీద ఇంత నల్లమచ్చ ఉందేంటండీ? ఎప్పుడూ చూడలేదే!" ఆయనా ఎప్పుడూ చూసుకోలేదు. అది పుట్టుకతో వచ్చిందో, పదేళ్ల కిందటిదో, మొన్న ఉగాదికి మొలిచిందో చెప్పగలిగినవాళ్లు ఇంట్లో ఎవరూ ఉండరు. చర్మవైద్యులు మొట్టమొదట అడిగే ప్రశ్న మాత్రం అదే: "ఇది ఎప్పటి నుంచి ఉంది? ఈ మధ్య మారిందా?"

గుండు చేయించుకున్నవాళ్లకు నాలుగు నెలల్లో జుట్టు వచ్చేస్తుంది. బట్టతలకు ఆ నీడ లేదు. జుట్టు పలచబడిన నాటి నుంచి నడినెత్తి మీద పడే ఎండంతా నేరుగా చర్మానికే తగులుతుంది. పదేళ్లూ ఇరవయ్యేళ్లూ అలా తగిలిన ఎండ అక్కడి కణాలను కొద్దికొద్దిగా పాడుచేస్తూ పోతుంది. ఆ జాడలు అరవై దాటాక బయటపడటం ఎక్కువ.

ఇక్కడ ఒక నిజం ముందే చెప్పుకోవాలి. మన చర్మంలోని మెలనిన్ ఎండకు చాలావరకు అడ్డుపడుతుంది. అందుకే ఆస్ట్రేలియాలోని తెల్లజాతివాళ్లతో పోలిస్తే మనకు చర్మ క్యాన్సర్లు బాగా తక్కువ. మచ్చ కనిపించగానే బెంబేలెత్తాల్సిన పనిలేదు. కానీ తక్కువ అంటే లేవని కాదు. మేనిఛాయ బాగా తెల్లగా ఉన్నవాళ్లు, పుట్టుకతో మెలనిన్ లేని అల్బినిజం ఉన్నవాళ్లు, కిడ్నీ మార్పిడి చేయించుకుని రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడుతున్నవాళ్లు మాత్రం నెత్తిని క్రమం తప్పకుండా చూపించుకోవాలి. చిన్నప్పుడు తల కాలి మచ్చ మిగిలినవాళ్లదీ ఇదే వరుస. ఏళ్ల తరబడి అణిగి ఉన్న కాలిన మచ్చ మీద పుండు లేచి మానకపోతే, అది మామూలు పుండే అనుకుని ఊరుకోకూడదు.

ఎండ చేసే తొలి హాని కంటికంటే ముందు వేలికి తెలుస్తుంది. దాని పేరు యాక్టినిక్ కెరటోసిస్. తలస్నానం చేసి ఆరాక మునివేళ్లతో నుదుటి పైనుంచి మాడు దాకా, అక్కడి నుంచి చెవుల పక్కగా మెల్లగా తడుముకుంటూ పోతే, నున్నటి చర్మం మధ్య ఒకచోట ఉప్పుకాగితం ముక్క తగిలినట్టు గరుగ్గా ఉంటుంది. చూస్తే ఎర్రగానో గోధుమరంగులోనో చిన్న పొలుసు, అంతే. చాలామంది చుండ్రనుకుని నూనె రాస్తారు. చుండ్రు తల అంతా రాలుతుంది, షాంపూకి తగ్గుతుంది. ఈ గరుకు ఒకేచోట ఉంటుంది, గోటితో గిల్లేసినా కొన్నాళ్లకు అక్కడే మళ్లీ లేస్తుంది. ఇలాంటివాటిలో అన్నీ క్యాన్సర్లు కావు, ఎక్కువ శాతం ఎప్పటికీ కావు. కానీ ఏది అవుతుందో ముందుగా చెప్పలేరు కాబట్టి డాక్టర్లు ద్రవ నైట్రోజన్‌తో గడ్డకట్టించి రాల్చేస్తారు. మచ్చలు చాలా ఉంటే ఆ చోటంతా కొన్ని వారాలపాటు పూయడానికి ఫ్లోరోయురాసిల్ క్రీము ఇస్తారు. ఆ క్రీము పూసినన్నాళ్లూ నెత్తి ఎర్రబారి, పొక్కి, చూసినవాళ్లు భయపడేలా తయారవుతుంది. మందు పనిచేస్తోందనడానికి గుర్తు అదే. ఆ సంగతి తెలియక మధ్యలో మానేసేవాళ్లు ఉంటారు.

ఇక నల్లమచ్చల సంగతి. మనవాళ్లలో బేసల్ సెల్ కార్సినోమా అనే క్యాన్సర్ తరచూ నల్లగా, అచ్చం పుట్టుమచ్చలాగే ఉంటుంది. తికమక అక్కడే. ఉదాహరణకు పొలం పనుల్లో బతుకంతా గడిపిన అరవై అయిదేళ్ల రైతును తీసుకుందాం. కణత పైన, జుట్టు ఊడిన చోట కందిగింజంత నల్లటి బొడిపె. పైన మెరుపు, అంచు సన్నటి గట్టులా లేచి ఉంది. దువ్వెన తగిలి రక్తం వచ్చింది, పక్కు కట్టింది. "దువ్వెన గీసుకుంది లెండి" అనుకున్నాడు. వారం తర్వాత పక్కు ఊడింది, మానినట్టే ఉంది. ఇంకో పది రోజులకు తువ్వాలు తగిలి మళ్లీ రక్తం. మూడోసారి పక్కు కట్టేసరికి రెండు నెలలు దాటాయి. దువ్వెన గాయమైతే రెండు వారాల్లో మానిపోవాలి. మానడం, మళ్లీ రేగడం ఒకేచోట తిరిగి తిరిగి జరుగుతోందంటే తప్పు దువ్వెనది కాదు, కింద ఉన్న చర్మానిది. ఈ రకం క్యాన్సర్ ఒంట్లో వేరేచోటికి పాకడం చాలా అరుదు. కానీ వదిలేస్తే పక్కకీ లోపలికీ తినుకుంటూ పోతుంది. గింజంత ఉన్నప్పుడు చుట్టూ కొన్ని మిల్లీమీటర్ల మంచి చర్మంతో కలిపి కోసేస్తే సాధారణంగా సరిపోతుంది. నెత్తి చర్మం బిగువుగా ఉంటుంది కాబట్టి, రూపాయి బిళ్లంత అయ్యాక కోస్తే కుట్టడానికి చర్మం చాలక వేరేచోటి నుంచి తెచ్చి అతికించాల్సి రావచ్చు.

మెలనోమా మనవాళ్లలో అరుదు. వచ్చినా అరికాళ్లలో, గోళ్ల కింద ఎక్కువ. నెత్తి మీద వస్తే మాత్రం ప్రమాదకరం. అమెరికాలో యాభై వేలకు పైగా మెలనోమా కేసులను పరిశీలించి 2008లో ప్రచురించిన అధ్యయనంలో, నెత్తి మీదా మెడ మీదా వచ్చినవాళ్లు కాళ్లూ చేతుల మీద వచ్చినవాళ్లకంటే దాదాపు రెట్టింపు రేటున చనిపోయినట్టు తేలింది. ఆలస్యంగా కంటపడటం ఒక్కటే దానికి కారణం కాదు, కానీ మన చేతిలో ఉన్నది త్వరగా చూడటమే. ఒంటి మీద ఉన్న మిగతా పుట్టుమచ్చల్లో కలవకుండా ఒకటి వేరుగా ఉంటే, ఒకే మచ్చలో రెండు మూడు రంగులుంటే, అంచు వంకరటింకరగా ఉంటే, కొన్ని నెలల్లోనే పెరిగితే అనుమానించాలి. వయసుతో పాటు వచ్చే, మైనం ముద్ద అతికించినట్టు ఉండే గోధుమరంగు మచ్చలు చాలామందిలో కనిపిస్తాయి, అవి హానిలేనివి. కానీ ఏది ఏదో ఇంట్లో తేల్చుకోవడం కష్టం.

చూసుకోవడానికి ఖర్చేమీ లేదు. కిటికీ దగ్గర పగటి వెలుతురులో కూర్చోవాలి. ఇంట్లో ఒకరు ఫోన్‌తో పైనుంచి, వెనకనుంచి, రెండు పక్కలనుంచి నాలుగు ఫొటోలు తీయాలి. మచ్చ ఉన్నచోట పిల్లల స్కేలు ఆనించి దగ్గరగా ఇంకొకటి. మూడు నెలలకొకసారి అలాగే తీసి పక్కపక్కన పెడితే, "పెరిగిందేమో" అన్న అనుమానం మిల్లీమీటర్లలో తేలిపోతుంది. చెవుల పై అంచు, చెవి వెనక, మెడ వెనక మరిచిపోకూడదు. ఒంటరిగా ఉండేవాళ్లకు నెలనెలా క్షవరం చేసే మనిషే మంచి ఆసరా. ఆయన చూసినంత దగ్గరగా ఆ నెత్తిని ఇంకెవరూ చూడరు. "కొత్తగా ఏమైనా కనిపిస్తే చెప్పన్నా" అని ఒక్కమాట ముందే అనిపెట్టుకుంటే చాలు.

నాలుగు వారాలైనా మానని పుండు, ఊరికే రక్తం కారే మచ్చ, త్వరగా పెరిగే బొడిపె, మారుతున్న పుట్టుమచ్చ: వీటిలో ఏది ఉన్నా డి.వి.ఎల్. చదివిన చర్మవైద్యుల దగ్గరికి వెళ్లాలి. అంతవరకూ సున్నం, జీడిరసం, పులిపిరులు రాల్చే మందులు పెట్టకూడదు. పైపొర కాలిపోతే లోపలిది కనబడకుండా పోతుంది, డాక్టరుకు గుర్తుపట్టడం కష్టమవుతుంది. అక్కడ డెర్మోస్కోప్ అనే లైటున్న భూతద్దంతో చూస్తారు. అనుమానం తీరకపోతే మత్తు సూది ఇచ్చి మూడు నాలుగు మిల్లీమీటర్ల ముక్క తీసి ల్యాబుకు పంపుతారు. చిన్నమచ్చ అయితే మొత్తం తీసేస్తారు. ముక్క తీస్తే క్యాన్సర్ పాకుతుందన్న భయంతో వెనక్కి వచ్చేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అది నిజం కాదు. పావుగంట పని, ఒకటో రెండో కుట్లు, వారం పది రోజుల్లో రిపోర్టు. వెళ్లేటప్పుడు ఫోన్‌లోని ఆ పాత ఫొటోలు చూపించడం మరిచిపోకూడదు.