సీసా కారడం ఆగిన సంవత్సరం

పాతికేళ్లు దాటిన ఏ కంపెనీ బ్రోచరైనా తిరగేయండి, చివరి అట్టకు ముందు ‘మా ప్రయాణం’ అని ఒక పేజీ ఉంటుంది. అడ్డంగా ఒక గీత, దాని మీద చుక్కలు, చుక్కచుక్కకీ ఒక సంవత్సరం. స్థాపన, ప్రైవేట్ లిమిటెడ్‌గా మార్పు, కార్పొరేట్ ఆఫీసుకు భూమిపూజ, కొత్త లోగో, ఇన్ని కోట్ల టర్నోవర్. ఇరవై ఏళ్లుగా ఆ కంపెనీ సరుకే వాడుతున్న మనిషికి కూడా అందులో తాను ఎరిగిన సంగతి ఒక్కటీ కనపడదు.

రైలు టికెట్ల సంగతే తీసుకుందాం. ఐఆర్‌సీటీసీ ప్రయాణాన్ని లోపలివాళ్లు రాస్తే 1999లో సంస్థ ఏర్పాటు, 2008లో మినీరత్న హోదా, 2019లో స్టాక్ ఎక్స్ఛేంజిలో నమోదు అని వస్తుంది. అన్నీ నిజాలే. కానీ ప్రయాణికుడికి గుర్తున్నవి వేరు. 2002లో ఇంట్లో కూర్చుని నెట్‌లో టికెట్ కొనడం మొదలైంది. అప్పట్లో డబ్బు కట్టాక టికెట్ కాగితం కొరియర్‌లో వచ్చేది, అందుకే రేపటి ప్రయాణానికి అది అక్కరకొచ్చేది కాదు. 2005లో ఈ-టికెట్ వచ్చాక ఎవరి ప్రింటు వాళ్లే తీసుకున్నారు, కొరియర్ కోసం ఎదురుచూపు పోయింది. ఈ రెండో జాబితా చదివితే “అవును, మా నాన్న రిజర్వేషన్ కౌంటర్ దగ్గర తెల్లారకుండా లైన్లో నిలబడేవాడు” అంటూ ఎవరో ఒకరు కథ ఎత్తుకుంటారు. మినీరత్న గురించి ఎవరూ ఎత్తుకోరు.

ఇలాంటి పేజీలు దిద్దే పని నాకు అప్పుడప్పుడూ వస్తుంది. ఈమధ్య వచ్చింది గోదావరి జిల్లాల్లోని ఒక పచ్చళ్ల కంపెనీది. పదకొండు మైలురాళ్లు రాసి పంపారు. దిద్దేటప్పుడు ప్రతి వరుస పక్కనా పెన్సిల్‌తో ఒకే ప్రశ్న వేస్తాను: ఇది జరిగాక, కొట్టుకొచ్చిన మనిషికి ఏం మారింది? జవాబు లేకపోతే ఆ వరుసను వెంటనే కొట్టేయకూడదు. దాని వెనక ఏదైనా దాగుందేమో తవ్వాలి. లోపలి సంఘటన చాలాసార్లు ఒక మూత మాత్రమే, అసలు సరుకు దాని కింద ఉంటుంది.

వాళ్ల జాబితాలో ‘2019 జనవరి: అత్యాధునిక ప్యాకింగ్ యూనిట్ ప్రారంభం’ అని ఉంది, పక్కన మంత్రిగారు రిబ్బన్ కత్తిరిస్తున్న ఫొటో. యూనిట్‌తో ఏం మారిందని అడిగితే మేనేజరు గంటకు ఎన్ని సీసాలో చెప్పాడు. అది ఆయనకు ముఖ్యం. పార్సిళ్లు కట్టే ఆవిడను అడిగితే, “అంతకుముందు నూనె కారేదండీ, హైదరాబాద్ పిల్లలకు పంపితే బట్టలన్నీ ఎర్రగా అయిపోయేవి” అంది. కొత్త యంత్రం ప్లాస్టిక్ సీసా నోటికి మూత కింద అల్యూమినియం రేకును వేడితో అతికిస్తుంది. పచ్చడి కొనేవాడికి మైలురాయి అదే.

అయితే ఆ చుక్కను 2019 జనవరి దగ్గర పెట్టడానికి లేదు. ఫిర్యాదుల పుస్తకం తెప్పించి చూస్తే, రిబ్బన్ కత్తిరించాక కూడా ‘నూనె కారింది’ అన్న ఫిర్యాదులు తగ్గలేదు. పచ్చడి నింపేటప్పుడు సీసా అంచుకు నూనె అంటితే రేకు సరిగా అతుక్కోదు. అంచు తుడిచి మూత పెట్టడం అలవాటు చేసేసరికి వానాకాలం వచ్చింది. ఆగస్టు తర్వాత పుస్తకంలో ఆ మాట దాదాపు కనపడదు. కాబట్టి వరుస ఇలా మారింది: ‘2019 ఆగస్టు: రేకు సీలుతో సీసాలు. దూరప్రాంతాలకు పంపినా నూనె కారడం ఆగింది.’ యంత్రం బిగించిన తేదీని కాదు, కొనేవాడి చేతికి ఫలితం అందిన తేదీని వేయాలి. ఫిర్యాదుల పుస్తకం, పాత ధరల పట్టీలు, పాత లేబుళ్లు చూస్తే ఆ తేదీ దొరుకుతుంది. బోర్డు మీటింగు మినిట్స్‌లో దొరకదు.

‘2004: రెండో తరం డైరెక్టర్ల బాధ్యతల స్వీకారం’ వరుసదీ అదే కథ. పాత ధరల పట్టీలు వరుసగా పరిచి చూస్తే 2006 పట్టీలో వెల్లుల్లి లేని ఆవకాయ మొదటిసారి కనిపించింది. పెద్ద కోడలు పట్టుబట్టి పెట్టించిందట. వెల్లుల్లి తినని ఇళ్లు ఎన్నో ఉన్న ప్రాంతంలో అది చిన్న సంగతి కాదు. డైరెక్టర్ల పేర్లు పోయి ఆవకాయ వచ్చింది. వేరే పాత్రల్లో కలుపుతారని కూడా రాద్దామన్నారు. ఇప్పటికీ అలాగే కలుపుతున్నారా అంటే సమాధానం తడబడింది, అందుకే ఆ మాట వదిలేశాం. పాత సంవత్సరం కింద రాసినా చదివేవాళ్లు దాన్ని ఇవాళ్టి హామీగానే తీసుకుంటారు.

తవ్వినా ఏమీ దొరకనివి ఉన్నాయి. టర్నోవర్, లోగో, కొత్త ఆఫీసు మారుమాట లేకుండా పోయాయి. ఆహార భద్రతా లైసెన్సు వచ్చిన ఏడాదిని యజమాని వదలనన్నాడు. ఆ చట్టం 2006 నాటిది, దాని కింద లైసెన్సో రిజిస్ట్రేషనో లేకుండా ఎవరూ పచ్చళ్లు అమ్మకూడదు. అందరికీ తప్పనిసరైన దాన్ని ఘనతగా రాసుకుంటే, తెలిసినవాళ్లు అంతకుముందు ఏం చేశారని అడుగుతారు. లైసెన్సు నంబరు లేబుల్ మీద ఎలాగూ ఉంటుంది. ‘రాష్ట్రంలోనే మొట్టమొదటి’ అన్న మాటకు ఆధారం అడిగాను, రాలేదు, తీసేశాను.

ఇంకో మోసం ఉంది, ఇది రాసేవాళ్లు తమను తాము చేసుకునేది. ‘కొత్త ఆఫీసుకు మారాం’ అన్నదాన్ని ‘మీకు మరింత చేరువయ్యేందుకు కొత్త ఆఫీసు’ అని తిప్పేసి, కొనేవాళ్ల వైపు నుంచి రాశామనుకుంటారు. వాక్యంలో ‘మీ కోసం’ తీసేసి చదవండి. మిగిలినదాంట్లో కొనేవాడు చూడగలిగేది, తినగలిగేది, ఫోన్ చేసి అడగగలిగేది ఏదీ లేకపోతే అది పాత వరుసే.

ఒక చోట మాత్రం మాకు పేచీ వచ్చింది. 2017లో అరకిలో సీసా ఆపి 400 గ్రాములది తెచ్చారు. డ్రాఫ్టులో అది ‘ఆకర్షణీయమైన కొత్త ప్యాక్’ అయింది. కొన్నవాళ్లకు ఆ మార్పు బాగానే గుర్తుంటుంది, వేరే పేరుతో. ఉన్నదున్నట్టు రాయడం ఇష్టం లేకపోతే ఆ ఏడాది ఖాళీగా వదిలేయండి కానీ పొగుడుకోకండి అన్నాను. చివరికి ఖాళీగానే ఉంది. నాకైతే రాయడమే బాగుండేదనిపిస్తుంది.

కొట్టేసిన వరుసలు పనికిరానివని కాదు. అప్పిచ్చే బ్యాంకుకు టర్నోవర్ కావాలి, డీలర్‌షిప్ తీసుకునేవాడికి డైరెక్టర్లెవరో, యూనిట్ ఎంత తయారుచేయగలదో కావాలి. వాటిని వేరే కాగితం మీద, తేదీలతో సహా పెట్టుకోమన్నాను. మంత్రిగారి ఫొటో కూడా అక్కడికే వెళ్లింది.

పదకొండు వరుసలు ఆరయ్యాయి. స్థాపించిన సంవత్సరం ఉంచాం, ఎన్నాళ్లుగా చేస్తున్నారన్నది కొనేవాడు అడిగేదే కాబట్టి. అయితే ‘సంస్థ స్థాపన’ అని కాకుండా, ఆ ఏడాది ఏ వీధిలో ఏ మూడు పచ్చళ్లు అమ్మారో రాశాం. అచ్చుకు ముందు ఆ కాగితాన్ని కౌంటర్ మీద పెట్టి, వచ్చినవాళ్లు దేని దగ్గర ఆగుతున్నారో చూడమన్నాం. రేకు సీలు దగ్గర ఆగారు, వెల్లుల్లి దగ్గర ఆగారు. ‘2014: లేబుల్ మీద బ్యాచ్ నంబరు’ దగ్గర ఎవరూ ఆగలేదు. ఆ నంబరు చెబితే బిల్లు లేకపోయినా సీసా మార్చి ఇస్తారన్న సంగతి మేం రాయనేలేదు మరి. అది చేర్చాక ఒకావిడ సంచిలోంచి పాత సీసా తీసి నంబరు ఎక్కడుందో వెతికింది.

ఏడో వరుసకు చోటు ఉంచారు. చక్కెర తగ్గించిన మాగాయ ఈ వేసవిలో వస్తోంది, దాన్ని ఇప్పుడే ఎక్కిద్దామన్నారు. ఒక ఏడాది అమ్మి, జనం రెండోసారి అడిగి కొంటే అప్పుడు ఎక్కించమని చెప్పాను.