మూడు ముక్కల ప్రకాశం

ఏరా బుజ్జీ, జిల్లా పటం ముందేసుకుని ఒకటే గీతలు లెక్కపెడుతున్నావు. ఆ గీతలు ఎవరు గీశారనుకున్నావు? ప్రభుత్వం గీసింది. పాలనకు వీలు చూసుకుని గీసింది, మళ్ళీ వీలు చూసుకుని చెరిపింది. మన ప్రకాశం జిల్లానే తీసుకో. 1970 ఫిబ్రవరి 2కు ముందు అసలిది లేనే లేదు. గుంటూరు నుంచి ఒంగోలు వైపు తాలూకాలు, నెల్లూరు నుంచి కందుకూరు, కనిగిరి, పొదిలి, కర్నూలు నుంచి మార్కాపురం, గిద్దలూరు తీసుకుని మూడు ముక్కలు కలిపి ఒంగోలు జిల్లా అన్నారు. 1972లో టంగుటూరి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారు.

ఇప్పుడు అసలు కబురు చెబుతా విను. వ్యవసాయ శాస్త్రజ్ఞులు ఇంకో పటం గీసుకున్నారు. 1979లో భారత వ్యవసాయ పరిశోధన మండలి ఒక పెద్ద పథకం మొదలుపెట్టి, దేశం మొత్తాన్ని 127 వ్యవసాయ వాతావరణ జోన్లుగా విడదీయించింది. వాటిలో ఇప్పటి మన రాష్ట్రానికి ఆరు దక్కాయి: ఉత్తర కోస్తా, గోదావరి, కృష్ణా, దక్షిణ, అల్ప వర్షపాత, ఎత్తైన గిరిజన జోన్లు. ఆ పటంలో మన ప్రకాశం ఎక్కడుందో చూడు. కొంత కృష్ణా జోన్లో, దక్షిణపు భాగాలు దక్షిణ జోన్లో, పడమటి భాగాలు అల్ప వర్షపాత జోన్లో. అంటే గుంటూరు ముక్క చాలావరకు గుంటూరుతోనే ఉంది, నెల్లూరు ముక్క నెల్లూరుతో, కర్నూలు ముక్క కర్నూలుతో. కలెక్టరాఫీసు ఒంగోలుకు మారిందని మార్కాపురం మబ్బు దారి మార్చుకోలేదు మరి!

జోనుకు గుర్తులేమిటంటావా? ఎంత వాన పడుతుంది, ఏ నెలల్లో పడుతుంది, నేల ఎలాంటిది, చలీ ఎండా ఎంత, నేల సముద్ర మట్టానికి ఎంత ఎత్తున ఉంది, కాలువ ఉందా లేదా, వీటన్నిటినీ బట్టి రైతు ఏం పండిస్తున్నాడు. అన్నీ ఒకేసారి చెబితే నీకు బుర్ర తిరుగుతుంది కానీ, మన జిల్లాకు సంబంధించి రెండే పట్టుకుందాం. వాన పడే నెల ఒకటి, నేల రెండోది.

ముందు వాన. నైరుతి రుతుపవనం జూన్‌లో అరేబియా సముద్రం మీదుగా వస్తుంది. పడమటి కనుమలెక్కేటప్పుడే మోసుకొచ్చిన నీళ్ళు చాలా మటుకు దించేస్తుంది. కర్నూలు, అనంతపురం దాకా వచ్చేసరికి మిగిలింది కొంచెమే. అందుకే అల్ప వర్షపాత జోన్లో ఏడాది వాన 500 నుంచి 670 మిల్లీమీటర్లకు మించదని లెక్క కట్టారు. మార్కాపురం వైపు నల్లమల కొండలు కూడా అడ్డం. ఆ కొంచెంలోనే జూన్ నుంచి సెప్టెంబరు దాకా పడేదే వాళ్ళకు పెద్ద వాటా. కోస్తా వైపు అలా కాదు. అక్టోబరులో గాలి తిరిగి బంగాళాఖాతం మీద నుంచి వస్తుంది, వాయుగుండాలు కూడా అప్పుడే. నెల్లూరులో అయితే ఏడాది వానలో సగానికి పైగా ఈ ఈశాన్య రుతుపవనానిదే. ఒంగోలు, కందుకూరు కూడా చాలావరకు ఆ వాన మీదే కళ్ళు పెట్టుకుని ఉంటాయి.

దీని మూలంగా 1970లో గీసిన ఆ ఒక్క జిల్లా నేలలోనే రెండు కేలెండర్లు నడుస్తాయి. మార్కాపురం రైతు జూన్, జూలైల్లో పదును కాగానే కంది వేసేస్తాడు. ఒంగోలు చుట్టుపక్కల నల్లరేగడి రైతు ఆ రోజుల్లో చాలా చోట్ల చేను ఖాళీగా ఉంచుతాడు. బద్ధకం కాదురా. నేలకు నీళ్ళు తాగనిచ్చి, అక్టోబరు, నవంబరుల్లో శనగ వేస్తాడు, పొగాకు నాటుతాడు.

ఇక్కడే నేల సంగతి వస్తుంది. లోతైన నల్లరేగడి పెద్ద కాగు లాంటిది, లోతు లేని ఎర్రనేల చెంబు లాంటిది. పైనుంచి ఒకే వాన పోసినా దాచుకునేది వేరు. లెక్క వేసి చూపిస్తా, పలక తీసుకో. రేగడి మీటరు లోతుందనుకో. తడిసి నిండితే మొక్క పీల్చుకోగలిగిన నీరు దానిలో సుమారు 180 మిల్లీమీటర్లు ఉంటుంది. ఎర్రనేల అర మీటరు లోపే ఉండి, కింద గులకరాయి తగిలిందనుకో. దానిలో 45 మిల్లీమీటర్లుంటే గొప్ప. బాగా ఎదిగిన పైరు ఆకుల్లోంచి, నేల పైనుంచి కలిపి రోజుకు సుమారు 4 మిల్లీమీటర్లు ఆవిరై పోతుందనుకుందాం. 45ని 4తో భాగించు. పదకొండు రోజులు. 180ని భాగిస్తే? నలభై అయిదు.

శనగ తొంభై, వంద రోజుల పంట కదా, నలభై అయిదు రోజులతో ఎలా సరిపోతుందంటావు. మంచి ప్రశ్నే. మొదటి నెలలో మొక్క చిన్నది, రోజుకు 4 మిల్లీమీటర్లు ఎక్కడ తాగుతుంది? పైగా డిసెంబరు చల్లదనంలో ఆవిరయ్యేదీ తక్కువే. శనగ వేరు మీటరు దాటి కూడా దిగి కింది పొర తేమ తెచ్చుకుంటుంది. మధ్యలో ఓ చిన్న జల్లు పడితే సరే సరి. అలా చుక్క నీరు పెట్టకుండానే పంట చేతికొస్తుంది. అదే శనగను లోతు లేని ఎర్రనేలలో వేస్తే పూత దశకే వాడిపోతుంది. అక్కడ ఆగస్టులో రెండు వారాలు బెట్ట వచ్చినా వేరుశనగకు ప్రాణం మీదికొస్తుంది. కంది తట్టుకుంటుంది, ఎందుకంటే దాని వేరు రాళ్ళ సందుల్లోంచైనా కిందికి దిగుతుంది. ఆరు నెలల పంట కాబట్టి జూలై వాన తప్పినా సెప్టెంబరు వానతో కోలుకునే వ్యవధీ ఉంటుంది.

కాగులో నీరుందా, అయిపోయిందా అని చేలో తెలుసుకోవడానికి ఒక గుర్తు చెబుతా. మిట్ట మధ్యాహ్నం ఆకులు వేలాడేస్తే కంగారు పడకు. వేరు అందించేదాని కంటే ఎండ లాక్కునేది ఎక్కువైంది, అంతే. తెల్లవారుజామున వెళ్ళి చూడు. రాత్రంతా చల్లబడ్డాక ఆకు నిటారుగా లేస్తే నేలలో తేమ ఉంది. తెల్లారినా వేలాడుతూనే ఉంటే అయిపోయింది. శాస్త్రజ్ఞులు ఇలాంటి పటాలు గీసేటప్పుడు చూసే లెక్కల్లో ఇదీ ఒకటి, పెద్ద ఎత్తున: వాన మొదలైన నాటి నుంచి నేలలో తేమ ఆరిపోయే దాకా పంట బతకడానికి ఎన్ని రోజులు దొరుకుతాయి అని. దాన్ని పంట కాలపు నిడివి అంటారు. ఏడాది వాన ఒకటే అయినా రెండు ఊళ్ళకు ఈ నిడివి వేరు కావచ్చు.

పొగాకు వాళ్ళు ఈ సంగతి ఎప్పుడో గ్రహించారు. పొగాకు బోర్డు కాగితాల్లో మన వైపు పొగాకును జిల్లా పేరుతో పిలవరు. టంగుటూరు వేలం కేంద్రానికి వచ్చేది దక్షిణ నల్లనేలల పొగాకు, కనిగిరి, పొదిలి, కందుకూరు కేంద్రాలకు వచ్చేది దక్షిణ తేలిక నేలల పొగాకు. విత్తనం ఒకటైనా నేల మారితే ఆకు తీరు మారుతుంది, ధర మారుతుంది. డబ్బులిచ్చి కొనేవాడికి జిల్లాతో పనేముంది?

జిల్లా సగటు అనేది ఉంది చూశావూ, అది నాకు అస్సలు గిట్టదు. నవంబరులో ఒక తుఫాను ఒంగోలు తీరం మీద విరుచుకుపడి, అక్కడ మామూలు కంటే 30 శాతం ఎక్కువ కురిసిందనుకో. మార్కాపురం వైపు 30 శాతం తక్కువ పడిందనుకో. రెండూ కలిపి సగటు తీస్తే 'సాధారణ వర్షపాతం' అని వస్తుంది. ఒకచోట శనగ విత్తు కుళ్ళిపోయింది, ఇంకోచోట కంది పూత రాలిపోయింది, కాగితం మీద మాత్రం అంతా సవ్యం! కరువు ప్రకటన జిల్లాకు ఒకటిగా కాకుండా రెవెన్యూ మండలాల వారీగా ఇవ్వడంలో ఉన్న న్యాయం ఇదే.

ఎన్జీ రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం కూడా అందుకే జోనుకొక ప్రాంతీయ పరిశోధనా స్థానం పెట్టుకుంది. అల్ప వర్షపాతానికి నంద్యాల, దక్షిణ జోనుకు తిరుపతి, కృష్ణాకు గుంటూరు దగ్గర లాం, గోదావరికి మార్టేరు, ఉత్తర కోస్తాకు అనకాపల్లి, గిరిజన జోనుకు చింతపల్లి. మార్కాపురంలో చేను ఉన్నవాడికి పనికొచ్చే మాట ఒంగోలు కంటే నంద్యాలలో దొరికే అవకాశం ఎక్కువ.

చింతపల్లి పేరొచ్చింది కాబట్టి ఓ పక్క మాట. పాత విశాఖ జిల్లాలో అనకాపల్లి చెరకు, బెల్లం ఒకవైపు. ఘాటీ ఎక్కితే చింతపల్లిలో కాఫీ, మిరియం ఇంకోవైపు. కిలోమీటరు ఎత్తు ఎక్కితే సుమారు ఆరు డిగ్రీలు చల్లబడుతుంది, వానేమో 1,400 మిల్లీమీటర్లు దాటుతుంది. రెండూ ఒకే కలెక్టరు కింద ఉండేవి. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు పాడేరు, రంపచోడవరం కలిపి అల్లూరి సీతారామరాజు జిల్లా చేశారు. మన్యం ప్రజల కోసం గీసిన గీతే అయినా, ఒకసారికి జిల్లా హద్దు జోను హద్దుకు దగ్గరగా జరిగింది. అదే ఏడు కందుకూరు మళ్ళీ నెల్లూరు జిల్లాలో కలిసింది.

అలాగని జోను గీత రాతి మీద చెక్కినదేం కాదు. లెక్కలన్నీ జిల్లాల వారీగానే దొరుకుతాయి కాబట్టి, శాస్త్రజ్ఞులూ చాలా చోట్ల జిల్లా గీతనే జోను గీతగా వాడుకున్నారు. అసలు భూమ్మీద నల్లరేగడి ఒక గట్టు దగ్గర ఆగి, అవతలి గట్టు నుంచి ఎర్రనేల మొదలవదు. మైళ్ళ కొద్దీ కలగాపులగంగా ఉంటుంది. ఒకే ఊళ్ళో రెండు రకాల చేలుంటాయి. చేలో పార పట్టి మీటరు గుంత తవ్వి చూసుకున్నవాడికి తెలిసినంత ఏ పటానికీ తెలియదు.

కాలువ వచ్చిందంటే లెక్క ఇంకా మారుతుంది. నాగార్జునసాగర్ కుడికాలువ దర్శి, అద్దంకి దాకా వచ్చాక వానతో కలలో కూడా సాధ్యం కాని వరి అక్కడ పండింది. ఇరవై ఏళ్ళు వరి నాటినవాడు తనది మెట్ట అని మర్చిపోతాడు. కాలువ చివరి ఊళ్ళవాళ్ళు మాత్రం మర్చిపోలేరు. కృష్ణమ్మకు పైనుంచి వరద రాని ఏడు ఇంజనీర్లు మాగాణికి నీళ్ళివ్వలేమంటారు, ఆరుతడి పంటలు వేసుకోమంటారు. అప్పుడు వాళ్ళు మళ్ళీ కంది విత్తనం కోసం, జొన్న విత్తనం కోసం వెతుక్కోవాలి. కుడికాలువ కింద పొలం ఉన్నా, ఇంట్లో ఒక బస్తా మెట్ట విత్తనం దాచుకునేవాళ్ళు మా రోజుల్లో ఉండేవాళ్ళు.