లక్ష్మక్కకు దసరా శుభాకాంక్షలు

దసరా దగ్గర పడుతుంటే హైదరాబాద్ ఇళ్లలో దసరా మామూలు ఎంతివ్వాలన్న లెక్క మొదలవుతుంది. దాంతోపాటు ఏం చెప్పాలన్నది మాత్రం ఎవరికీ పట్టదు. కవరు చేతిలో పెట్టి ‘పండగ చేసుకో’ అనేస్తారు.

అసలు మర్యాద పిలుపులోనే తెలిసిపోతుంది. ఏడాదంతా ‘ఏయ్ లక్ష్మీ’ అని కేకేసి, పండగ పూట వాట్సాప్‌లో ‘శ్రీమతి లక్ష్మి గారికి’ అని పంపితే ఆమెకే ఎబ్బెట్టుగా ఉంటుంది. మనకన్నా పెద్దదైతే లక్ష్మక్క, మాటల్లో ‘మీరు’ చాలు. ఇంట్లో పిల్లలూ అలాగే పిలవాలి, పండగ వెళ్లాక కూడా.

చాలామంది ప్రేమగానే ‘నువ్వు మా ఇంటి మనిషివే’ అంటారు. ఆమె టీ గ్లాసు వేరుగా పెట్టే ఇంట్లో ఆ మాట గుచ్చుకుంటుంది. ‘నువ్వు లేకపోతే మాకు గడవదు’ అన్నది మన అవసరం గురించిన మాట, ఆమె పండగ గురించి కాదు. నిజంగా జరిగినదొకటి గుర్తుచేసుకుంటే మేలు. ఉదాహరణకు:

“లక్ష్మక్కా, మీకూ ఇంట్లో అందరికీ దసరా శుభాకాంక్షలు. శ్రావణంలో అమ్మకు జ్వరం వచ్చినప్పుడు మీరు సాయంత్రాలు కూడా వచ్చి చూసుకున్నారు. మాకది గుర్తుంది. సద్దుల బతుకమ్మ నుంచి దసరా మర్నాటి దాకా సెలవు తీసుకోండి, జీతం కోయం.”

ఇందులో మామూలు ప్రస్తావన లేదు. దాన్ని విడిగా ఇవ్వాలి. ‘సోమవారం పొద్దున్నే వచ్చేయాలి’ అన్నది చివర తగిలిస్తే శుభాకాంక్ష కాస్తా పనిమాట అయిపోతుంది. సెలవు సంగతి మాత్రం వారం ముందే తెలియాలి. ఊరెళ్లే మనిషి బస్సు చూసుకోవాలి, పిల్లలకు బట్టలు కొనాలి. చదవడం రాకపోతే ఎదురుగా చెప్పడమే మంచిది.

డ్రైవరుకైతే వెనక సీట్లోంచి, ఫోను చూసుకుంటూ చెప్పకూడదు. బండి ఆపాక, దిగి, ముఖం చూసి చెప్పాలి. ఆయుధపూజ నాడు కారు కడిగేదీ, బొట్లు పెట్టేదీ, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టేదీ ఎక్కువగా ఆయనే. ‘యాదన్నా, కొబ్బరికాయ మీరే కొట్టండి’ అంటే చాలు, వేరే పొగడ్త అక్కర్లేదు. ఆయన తన ఇంటి పూజకు వెళ్లే వేళ ముందే అడిగి, మన పూజ దానికి అడ్డు రాకుండా పెట్టుకోవాలి. డ్రైవరు సలీం భాయ్ అయితే ఈ పూజలో నిలబడమని మొహమాటపెట్టొద్దు. ఆయనకు రంజాన్ నాడు సెలవిచ్చి, ‘ఈద్ ముబారక్’ మనమే ముందు చెప్పాలి.

తెలంగాణలో దసరా సాయంత్రం జమ్మి ఆకును బంగారమని చేతిలో పెట్టి, చిన్నవాళ్లు పెద్దలకు మొక్కుతారు, ఈడువాళ్లు అలాయ్ బలాయ్ తీసుకుంటారు. ఇక్కడ చూసేది వయసునే, ఎవరు ఎవరికి జీతమిస్తున్నారని కాదు. కాబట్టి లక్ష్మక్క ఊరి నుంచి తిరిగొచ్చిన రోజు, చీపురు అందుకోకముందే, ఇంటి పిల్లలు ఆమె చేతిలో జమ్మి పెట్టి మొక్కాలి.