రివ్యూ లేని ప్రొఫైల్‌కి తొలి పని

అప్‌వర్క్‌లో కొత్తగా ఖాతా తెరిచిన వాళ్లందరిదీ ఒకటే గోడు. రివ్యూలు లేకపోతే పని ఇవ్వరు, పని చేయకపోతే రివ్యూ రాదు. మాట నిజమే కానీ సగమే నిజం. క్లయింటుకు కావలసింది నక్షత్రాలు కాదు, ధైర్యం. ముక్కూ మొహం తెలియని మనిషి చేతిలో తన ఫైలు పెడుతున్నాడు, చెడగొడతాడేమోనని అతని బెంగ. ఆ బెంగ తీర్చే ఆధారం ఇంకేదైనా కళ్లెదుట కనిపిస్తే రివ్యూల సంగతి పక్కన పెట్టేవాళ్లు ఉన్నారు. ఆ ఆధారాన్ని ఎవరికి వారు ఇంట్లో కూర్చుని తయారు చేసుకోవచ్చు.

ఖమ్మంలో బీకాం పూర్తిచేసి, ఎక్సెల్ మీద మంచి పట్టున్న ఒకమ్మాయి ఉందనుకుందాం. ప్రొఫైల్‌లో డేటా ఎంట్రీ, టైపింగ్, లోగోలు, అనువాదం అన్నీ వచ్చని రాస్తే ఆమె వేలమందిలో ఒకరు. అలా కాకుండా ఒకే పని ఎంచుకుంది: చిన్న ఆన్‌లైన్ దుకాణాల కస్టమర్ జాబితాలు శుభ్రం చేయడం. అమెరికాలో సబ్బులో, కొవ్వొత్తులో అమ్ముకునే చిన్న వ్యాపారికి ఇది నిత్యం ఎదురయ్యే తలనొప్పి. వెబ్‌సైట్ నుంచి ఒక జాబితా, ప్రదర్శనల్లో రాసుకున్నది ఇంకొకటి. ఒకే మనిషి పేరు రెండింటిలో మూడు రకాలుగా ఉంటుంది.

ఇప్పుడు పోర్ట్‌ఫోలియో. కోర్సు సర్టిఫికెట్లు పెట్టడం మనవాళ్లకు అలవాటు. క్లయింటు వాటిని తెరిచి చూడడం అరుదు. ఈ అమ్మాయి రెండు మూడు వందల వరుసల కల్పిత జాబితా ఒకటి తయారు చేసింది. పేర్లు, ఈమెయిళ్లు అన్నీ ఊహించినవే. నిజమైన మనుషుల వివరాలు నమూనాలో పెడితే ఆ ఒక్క తప్పుతోనే నమ్మకం పోతుంది. జాబితాలో అసలు ఫైళ్లలో ఉండే చెత్తంతా కావాలనే కలిపింది. శుభ్రం చేయక ముందు షీటు, చేసిన తర్వాత షీటు పక్కపక్కన పెట్టి, ఏం మార్చిందో అరపేజీలో రాసింది. ఇది కల్పిత డేటాతో చేసిన నమూనా అని పైనే చెప్పింది. నమూనాను పాత క్లయింటు పనిగా చూపించడం అబద్ధం, ఒక్క ప్రశ్నకే దొరికిపోయే అబద్ధం కూడా.

ఆ అరపేజీలో రెండు సంగతులు చాలు, ఈమెకు పని తెలుసని తేలడానికి. మొదటిది పిన్‌కోడ్. న్యూజెర్సీలోని హోబోకెన్ జిప్‌కోడ్ 07030. మామూలుగా ఎక్సెల్‌లో తెరిస్తే అది 7030 అయిపోతుంది, ముందున్న సున్నా ఎగిరిపోతుంది, పార్సిల్ చీటీ మీద చిరునామా తప్పుతుంది. ఆ కాలమ్‌ను సంఖ్యగా కాక టెక్స్ట్‌గా దిగుమతి చేసుకోవాలి. రెండోది కంటికి కనబడని ఖాళీ. వెబ్ పేజీల నుంచి కాపీ చేసిన ఈమెయిళ్ల చివర ఒక రకం స్పేస్ అతుక్కుని వస్తుంది. చూడ్డానికి రెండు ఈమెయిళ్లూ ఒకటే, ఎక్సెల్ మాత్రం వేరువేరంటుంది. మామూలు TRIM దాన్ని తీయలేదు. అందుకు ఇలా రాయాలి:

```
=LOWER(TRIM(SUBSTITUTE(A2,CHAR(160)," ")))
```

సూత్రం ఒక్క వరుసే. కానీ ఈ ఇబ్బంది పడ్డ వ్యాపారి దాన్ని చూడగానే తన ఫైలు గుర్తుకొస్తుంది. ఇలాంటి నమూనాలు రెండు మూడు చాలు, అవన్నీ ఒకే రకం పనికి సంబంధించినవైతే మరీ మంచిది.

తర్వాత పని వెతుక్కోవాలి, ఇక్కడ జేబు కూడా చూసుకోవాలి. అప్‌వర్క్‌లో ప్రపోజల్ పంపడానికి కనెక్ట్‌లు ఖర్చవుతాయి. ఒక్కో కనెక్ట్ 15 సెంట్లు. పనికి 12 కనెక్ట్‌లు అడిగితే 1.80 డాలర్లు, అలాంటివి పది పంపితే 18 డాలర్లు పోయినట్టే. కనబడ్డ ప్రతి పనికీ పంపేవాళ్లు రెండు వారాల్లో విసిగిపోయేది ఇందుకే. పంపే ముందు క్లయింటు వివరాలు చదవాలి. Payment verified అని ఉందా? ఇంతకు ముందు ఎన్ని పనులు పోస్ట్ చేశాడు, అందులో ఎన్నింటికి మనిషిని తీసుకున్నాడు? అంతకు ముందు తీసుకున్నవాళ్లలో కొత్తవాళ్లున్నారా? పోస్ట్ చేసి మూడు రోజులై, యాభై ప్రపోజల్స్ దాటిన పనిలో రివ్యూ లేనివారికి చోటు దొరకడం కష్టం. గంటా రెండు గంటల కిందట పెట్టిన చిన్న పని, పేరుకు నీరసంగా ఉన్నా, నయం.

ప్రపోజల్ రాయడంలో మొదటి రెండు వాక్యాలే ప్రాణం. జాబితాలో క్లయింటుకు ముందు కనబడేవి అవే. రెండు షీట్లు, 1,400 వరుసలు, డూప్లికేట్లు తీసి కలపాలి అని పోస్ట్ ఉందనుకుందాం. ‘డియర్ సర్, నేను కష్టపడే మనిషిని, ఒక్క అవకాశం ఇవ్వండి’ అని మొదలుపెడితే అక్కడితో సరి. మన అమ్మాయి ఇంగ్లిష్‌లో రాసిందానికి సారం ఇది: ‘ఒకే ఈమెయిల్‌తో రెండు వేర్వేరు ఫోన్ నంబర్లుంటే ఏది ఉంచాలి? కొత్త ఆర్డర్‌లో ఉన్నదా? నేనైతే దేన్నీ చెరిపేయను, అనుమానమున్న వరుసలన్నీ వేరే షీట్లో పెట్టి మీకు చూపిస్తాను.’ తర్వాత నమూనా లింకు, ఎప్పటికి ఇస్తుందో, ఎంత తీసుకుంటుందో. అంతే, అర పేజీ దాటదు. ఆ ప్రశ్నతో తను పోస్ట్ చదివిందని, పని మధ్యలో ఏం అడ్డొస్తుందో తెలుసని రుజువైంది. దేన్నీ చెరిపేయనన్న మాట నేరుగా క్లయింటు బెంగకు జవాబు.

ధర దగ్గర నా అభిప్రాయం కొంచెం వేరు. అయిదు డాలర్లకే చేస్తానంటే పని దొరుకుతుందని చాలామంది సలహా ఇస్తారు. మరీ తక్కువ చెబితే మంచి క్లయింటు అనుమానిస్తాడు, పిసినారి క్లయింటు ఎగబడతాడు. చివర్లో నక్షత్రాలు కోసేది రెండోవాడే. రేటు తగ్గించే బదులు పని తగ్గించడం మేలు. మొత్తం 1,400 వరుసలకూ 60 డాలర్లు అని చెప్పి, ముందు 200 వరుసలు 10 డాలర్ల మైల్‌స్టోన్‌గా చేస్తానంటే క్లయింటుకు పోయేదేమీ లేదు, ఈమెకు తన ధర నిలుస్తుంది. అందులోంచి అప్‌వర్క్ తన వాటా కోసుకుంటుంది. అది పనిని బట్టి సున్నా నుంచి 15 శాతం దాకా ఉంటుంది కాబట్టి ముందే లెక్కలో వేసుకోవాలి.

ఫిక్స్‌డ్ ధర పనిలో మైల్‌స్టోన్ డబ్బు క్లయింటు ముందే జమచేశాడని తెరమీద కనబడ్డాకే పని ముట్టుకోవాలి. పని పూర్తయ్యాక ఫైలు మెసేజ్‌లో పంపి ఊరుకోకూడదు, సబ్మిట్ బటన్ ద్వారానే ఇవ్వాలి. అలా ఇస్తే క్లయింటు 14 రోజులు పలకకపోయినా డబ్బు విడుదలవుతుంది. టెలిగ్రామ్‌లోకి రమ్మన్నా, రిజిస్ట్రేషన్ కోసమంటూ డబ్బు కట్టమన్నా అది మోసమే, రెండో ఆలోచన అక్కర్లేదు. నమూనా పేరుతో తన అసలు ఫైలంతా ఉచితంగా చేయించుకోవాలని చూసేవాళ్లూ ఉంటారు. వాళ్లకు పోర్ట్‌ఫోలియో లింకు చూపించండి, చాలు. స్నేహితుడితో దొంగ కాంట్రాక్టు పెట్టించి రివ్యూ రాయించుకునేవాళ్లూ ఉన్నారు. పట్టుబడితే ఖాతా పోతుంది.

పని బాగా చేసినా కొందరికి రివ్యూ రాదు. కారణం చాలాసార్లు చిన్నదే: డబ్బు ఇచ్చాడు గానీ కాంట్రాక్టు ముగించలేదు. ముగిస్తేనే ఇద్దరికీ అభిప్రాయం రాసే అవకాశం వస్తుంది, అదీ 14 రోజుల లోపు. కాబట్టి అయిదు నక్షత్రాలు ఇవ్వమని బతిమాలకండి. ‘పని మీకు సరిపోతే కాంట్రాక్టు ముగించగలరా, వచ్చే నెల కొత్త ఆర్డర్లు చేరాక మళ్లీ శుభ్రం చేసిపెడతాను’ అని ఒక్క మాట రాయండి. కస్టమర్ల జాబితా నెల తిరిగేసరికి మళ్లీ చెదిరిపోయేదే, రెండో కాంట్రాక్టు ఎక్కువగా అక్కడి నుంచే వస్తుంది.